అరువు సొమ్ముతో షేర్లు

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మా వీధిలో వుండే ఒకావిడ ఒకనాటి సాయంత్రం మా యింటికొచ్చి, సెల్‌ఫోను నా చేతిలో పెట్టి, "పిన్నిగారూ, ఇందులో ఏం రాసిందో కాస్త చదివి చెప్పండి" అంది. చదివాను. మీ ఖాతాలో 12,000 రూపాయల మార్జిన్ తక్కువ పడింది, గడువులోగా జమ చెయ్యకపోతే మీ షేర్లు అమ్మేస్తాము అని దాని సారాంశం. ఆవిడ తెల్లబోయింది. "షేర్ల వ్యవహారమంతా మా ఆయనదండీ. ఖాతా మాత్రం నా పేరున తెరిచారు. నేనెవరికీ బాకీ లేను గదా, ఈ పన్నెండు వేలేమిటి?" అంది.

నేను రెండు మూడు ప్రశ్నలు వేసేసరికి సంగతి బయటపడింది. పన్నెండు రోజుల కిందట ఆవిడ వంటింట్లో పోపు వేస్తుంటే, ఆయన హాల్లోంచి "నీ ఫోనుకు ఓటీపీ వచ్చింది, చదువు" అని కేకేశారు. ఆవిడ ఒక చేత్తో గరిటె పట్టుకునే ఆరంకెలూ చదివేసింది. పప్పు మాడకుండా చూసుకుంది గానీ, ఆ ఆరంకెలతో తన పేరున లక్షన్నర రూపాయల అప్పుకు షేర్లు తాకట్టు పడ్డాయని ఆవిడకు తెలియదు.

ఇలాంటి ఖాతాలు ఇప్పుడు ఇంటింటికీ వచ్చేస్తున్నాయి గనక, ఈ మార్జిన్ అంటే ఏమిటో, మార్జిన్ కాల్ వస్తే చిన్న మదుపుదారు పరిస్థితి ఏమవుతుందో ఈవేళ చెప్పుకుందాం. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో చాలాకాలం బ్యాంకులో నగల అప్పుల కౌంటరులో కూర్చున్నాను. అందుకని నాకు అలవాటైన దారిలోనే చెబుతాను.

నగ తాకట్టు పెడితే బ్యాంకు దాని విలువంతా అప్పుగా ఇవ్వదు గదా? లక్ష రూపాయల గాజులు తీసుకెళితే అంతకంటే తక్కువే చేతిలో పెడుతుంది. మిగిలిన భాగం మన వంతు. రేపు బంగారం ధర తగ్గినా బ్యాంకు సొమ్ముకు లోటు రాకుండా అడ్డుగా నిలబడేది ఆ మన వంతే. ఆ వంతుకే మార్జిన్ అని పేరు.

షేర్లలోనూ ఇదే సూత్రం. మామూలుగా మన దగ్గర 50,000 రూపాయలు వుంటే 50,000 రూపాయల షేర్లే కొంటాం. మార్జిన్ పద్ధతిలో అలా కాదు. మన 50,000 మార్జిన్‌గా కడతాం, బ్రోకరు తన 1,50,000 కలుపుతాడు, మొత్తం 2,00,000 రూపాయల షేర్లు మన పేరున వస్తాయి. బ్రోకరు ఇచ్చింది దానం కాదు, అప్పు. దానికి రోజువారీ వడ్డీ పడుతుంది. బజారుకు సెలవైన శని, ఆదివారాల్లో కూడా పడుతుంది. కొన్న షేర్లన్నీ అప్పు తీరేదాకా బ్రోకరుకు తాకట్టులో వుంటాయి. మన దేశంలో ఈ పద్ధతిని మార్జిన్ ట్రేడింగ్ ఫెసిలిటీ అంటారు. ఫోనులో కొనేటప్పుడు MTF అని మూడు అక్షరాలు కనిపిస్తాయి చూడండి, అదే ఇది. ఏ షేర్లకు ఇలా అప్పు ఇవ్వవచ్చో, ఖాతాదారు వంతు కనీసం ఎంత వుండాలో సెబీ నిబంధనలు పెట్టింది. ఎక్కువ ఊగిసలాడే షేరుకు ఎక్కువ వంతు, నిలకడైన షేరుకు తక్కువ వంతు కట్టించుకుంటారు.

షేర్లు ఎక్కడికీ పోవు, మన డీమాట్ ఖాతాలోనే వుంటాయి. కాకపోతే వాటి మీద తాకట్టు గుర్తు పడుతుంది. అప్పట్లో ఆ తాకట్టుకు ఖాతాదారు ఒప్పుకోవలసి వుండేది గనక, షేర్లను భద్రపరిచే డిపాజిటరీ సంస్థ నుంచి ఫోనుకు ఓటీపీ వచ్చేది. మా వీధి ఆవిడ వంటింట్లోంచి చదివింది దాన్నే. నా కౌంటరు దగ్గర నగ తాకట్టు పెట్టేవాళ్ళు నాలుగు కాగితాల మీద సంతకాలు చేసేవారు. ఇక్కడ ఆ నాలుగు సంతకాలూ కలిపి ఆరంకెలయ్యాయి.

ఇక ఆవిడ లెక్కే చూద్దాం. చిన్న లెక్కే, కూరల పద్దు రాసేవాళ్ళెవరికైనా అర్థమవుతుంది.

చీటీ పాడగా చేతికొచ్చిన 50,000 రూపాయలు ఆవిడ సొంతం. బ్రోకరు ఆ షేరుకు నూటికి పాతిక వంతు మార్జిన్ వుంటే చాలన్నాడు. షేరు ధర 500 రూపాయలు. కాబట్టి 2,00,000 పెట్టి 400 షేర్లు కొన్నారు. ఇందులో అప్పు 1,50,000. సంవత్సరానికి నూటికి 15 చొప్పున రోజుకు దాదాపు 62 రూపాయల వడ్డీ. ధర నూటికి పది పెరిగితే 20,000 లాభం, యాభై వేలకు ఇరవై వేలు! ఆయన ఆశపడింది ఇక్కడే. ఆశపడటంలో తప్పులేదు. కానీ అదే త్రాసు అటువైపు కూడా అంతే బరువుతో మొగ్గుతుందన్న సంగతి మరిచిపోయారు.

షేరు ధర 460కి దిగింది. నలభై రూపాయలు, అంటే నూటికి ఎనిమిది వంతులు. షేర్ల బజారులో ఇది వింతేమీ కాదు. ఇప్పుడు ఆ 400 షేర్ల విలువ 1,84,000. బ్రోకరు అప్పు మాత్రం 1,50,000 అలాగే వుంది. ధర తగ్గినంత మాత్రాన అప్పు తగ్గదు గదా! ఆవిడ వంతు 34,000కు కుంచించుకుపోయింది. బ్రోకరు అడిగే పాతిక శాతం 1,84,000 మీద 46,000. వుండవలసింది 46,000, వున్నది 34,000. తక్కువ పడింది 12,000. ఫోనులో వచ్చిన పన్నెండు వేల మాట ఇదే. దీన్నే మార్జిన్ కాల్ అంటారు. కాల్ అంటే ఇక్కడ సొమ్ము కట్టమన్న పిలుపు.

ఇందులో ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. ఆవిడ మొదటిరోజునే, ఎంత అప్పు ఇస్తానంటే అంత అప్పూ తీసుకుని, సరిగ్గా గీత మీద నిలబడింది. కొన్ననాడు వుండవలసిందీ, వున్నదీ రెండూ 50,000లే. ఆ తర్వాత షేరు ఒక్క రూపాయి తగ్గినప్పుడల్లా 400 షేర్ల మీద 400 రూపాయలు నష్టం. వుండవలసిన మార్జిన్ అందులో నాలుగో వంతు, అంటే 100 రూపాయలే తగ్గుతుంది. అందువల్ల రూపాయికి 300 చొప్పున లోటు పడుతూ వస్తుంది. నలభై రూపాయలు తగ్గేసరికి 12,000. ఇది ఎవరో చేసిన మోసం కాదు, బ్రోకరు తప్పు లెక్కా కాదు. నిండుగా పోసిన గిన్నె ఏ కాస్త కదిలినా ఒలికినట్టే ఇదీను.

"మరిప్పుడు ఏం చెయ్యాలి?" అని అడిగింది ఆవిడ. మార్జిన్ కాల్ వచ్చినప్పుడు మూడు దారులే వున్నాయి. ఒకటి, 12,000 తెచ్చి కట్టడం. రెండు, కొన్ని షేర్లు అమ్మి అప్పు తగ్గించుకోవడం. మూడు, ఏమీ చెయ్యకుండా కూర్చోవడం. అప్పుడు అమ్మే పని బ్రోకరు చేస్తాడు.

రెండోదారిలో చాలామంది పొరబడతారు. పన్నెండు వేలే తక్కువైంది గనక పన్నెండు వేల షేర్లు అమ్మితే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. షేర్లు అమ్మితే వచ్చిన డబ్బు అప్పు కింద జమ అవుతుంది. ఆవిడ వంతు మాత్రం 34,000 దగ్గరే వుంటుంది, పెరగదు. 34,000 నాలుగో వంతు కావాలంటే మొత్తం షేర్ల విలువ 1,36,000కు దిగాలి. అంటే 1,84,000 నుంచి 48,000 రూపాయల షేర్లు అమ్మాలి, దాదాపు 105 షేర్లు. లోటు పన్నెండు వేలయితే అమ్మకం నలభై ఎనిమిది వేలు! నాలుగు రెట్లు. "ఇంతకే అన్ని షేర్లు అమ్మేశారేమిటి" అని తర్వాత బ్రోకరుతో పేచీ పెట్టుకునేవాళ్ళకు ఈ నాలుగు రెట్ల లెక్క ముందు తెలియకపోవడమే కారణం.

మొదటిదారి సంగతి. ఆవిడ చేతి గాజులు తడుముకుంటూ, "ఇవి కుదువబెట్టి కట్టేస్తే?" అంది. నేను వద్దన్నాను. ఒక అప్పుకు పూచీగా పెట్టిన షేర్ల విలువ తగ్గిందని ఇంకో అప్పు తెచ్చి అందులో పొయ్యడం అది. షేరు ఇంకా తగ్గితే రూపాయికి 300 చొప్పున మళ్ళీ పిలుపు వస్తుంది. అప్పుడు ఏం కుదువబెడతాం? ఇంట్లో నిజంగా ఖాళీగా వున్న సొమ్ము, పోయినా ఇంటి ఖర్చుకూ పిల్లల ఫీజులకూ అడ్డురాని సొమ్ము వుంటే కట్టవచ్చు. లేకపోతే మన చేత్తో మనమే కొన్ని అమ్ముకోవడం మేలు. ఏ పూట అమ్మాలో, ఎన్ని అమ్మాలో మనం చూసుకుంటాం. బ్రోకరు అమ్మితే ఆ నిమిషానికి వచ్చిన ధరకు అమ్మేస్తాడు. రెండు రూపాయలు ఎక్కువ వస్తాయేమోనని మన కోసం ఆగడు.

ఆవిడ ఇంటికెళ్ళి చెబితే ఆయన వినలేదు. "అయిదు రోజులు గడువుంటుంది, ఈలోగా అదే లేస్తుంది" అన్నారట. ఈ అయిదు రోజుల మాట కూడా సగం తెలిసిన మాటే. నిబంధనల ప్రకారం మార్జిన్ కాల్ ఇచ్చాక లోటు పూడ్చడానికి ఖాతాదారుతో ఒప్పుకున్న గడువు అయిదు పనిదినాలకు మించకూడదు. అంటే అయిదు రోజులూ తప్పకుండా ఇచ్చి తీరాలని కాదు. అంతకంటే ఎక్కువ ఇవ్వకూడదని మాత్రమే. అసలు గడువెంతో ఖాతా తెరిచేటప్పుడు మనం చదవకుండా ఒప్పుకున్న షరతుల్లో వుంటుంది. చాలాచోట్ల అది ఒకటి రెండు రోజులే. ధర మరీ వేగంగా పడుతుంటే ఆ గడువు కూడా ఆగకుండా అమ్ముకునే హక్కు అందులోనే రాసుకుంటారు.

రెండు రోజులు తిరిగేసరికి షేరు 430కి దిగింది. షేర్ల విలువ 1,72,000. వుండవలసిన మార్జిన్ 43,000, వున్నది 22,000. లోటు 21,000కు పెరిగింది. మధ్యాహ్నం లోపల బ్రోకరు 400 షేర్లూ అమ్మేశాడు. వచ్చిన 1,72,000లో తన 1,50,000, రెండు వారాల వడ్డీ, రుసుములు, పన్నులు మినహాయించుకుంటే ఆవిడకు మిగిలింది 21,000కు లోపే. షేరు తగ్గింది నూటికి 14 వంతులు. ఆవిడ చీటీ డబ్బు తగ్గింది నూటికి 58 వంతుల పైమాటే.

అసలు బాధ ఆ తర్వాత వచ్చింది. నెల తిరిగేసరికి అదే షేరు మళ్ళీ 500 దాటింది. ఆవిడ నన్ను అడిగిన ప్రశ్న నేను మరిచిపోలేను. "పిన్నిగారూ, షేరు తిరిగొచ్చింది గదా, నా డబ్బెందుకు తిరిగి రాలేదు?"

ఈ ప్రశ్నకు జవాబులోనే మార్జిన్ ఖాతా అసలు స్వరూపమంతా వుంది. అదే రోజున ఇంకొకావిడ తన 50,000తో, అప్పు లేకుండా, అదే ధరకు 100 షేర్లు కొన్నదనుకోండి. ధర 430 అయిననాడు ఆవిడ షేర్ల విలువ 43,000. ఏడు వేలు తగ్గాయని దిగులు పడుతుంది, నిజమే. కానీ ఎవరూ ఆమెకు ఫోను చెయ్యరు. అమ్మమని ఎవరూ అనరు. పెట్టె మూసి వూరుకుంటుంది. షేరు 500కి వచ్చిన రోజున ఆవిడ 50,000 ఆవిడకు వుంటాయి. ఇద్దరి అంచనా ఒకటే, షేరు ఒకటే, చివరికి ఇద్దరి ఆలోచనా నిజమే అయింది. ఒకావిడ ఆగగలిగింది, ఇంకొకావిడ ఆగలేకపోయింది. అంతే తేడా. అప్పు చేసి కొన్నప్పుడు మనం ఇచ్చే వడ్డీ కంటికి కనబడుతుంది. దానితోపాటు ఆగే హక్కు కూడా ఇచ్చేస్తామన్నది మాత్రం కనబడదు. ఎప్పుడు అమ్మాలన్నది ఇక మన ఇష్టం కాదు, అప్పిచ్చినవాడి ఇష్టం.

ఇది ఎవరో ఒకరి దురదృష్టం అనుకోకండి. 2024 జూన్ నెలలో దేశం మొత్తం చూసింది. జూన్ 3వ తేదీ సోమవారం, పార్లమెంటు ఎన్నికల ఫలితాల మీద వున్న ఆశతో సెన్సెక్స్ 76,469 దగ్గర ముగిసింది. మర్నాడు ఓట్ల లెక్కింపు. ఫలితాలు అనుకున్నట్టు రాకపోయేసరికి ఆ ఒక్కరోజులోనే సెన్సెక్స్ దాదాపు 4,390 పాయింట్లు పడి 72,079 దగ్గర ఆగింది. నూటికి ఆరు వంతులకు కొంచెం తక్కువ. విడివిడిగా చూస్తే కొన్ని షేర్లు అంతకు రెట్టింపు కూడా పడ్డాయి. ఆ వారంలోనే, శుక్రవారం 7వ తేదీకి, సెన్సెక్స్ మళ్ళీ 76,693కి చేరింది. పడిందంతా మూడు రోజుల్లో లేచింది! సొంత డబ్బుతో కొని, ఆ మంగళవారం టీవీ కట్టేసి పడుకున్నవాళ్ళకు శుక్రవారానికి చాలామటుకు పోయిందేమీ లేదు. అప్పుతో అంచు మీద నిలబడి, మంగళవారమో బుధవారమో షేర్లు అమ్ముడైపోయినవాళ్ళకు శుక్రవారం ఎందుకూ పనికిరాలేదు.

ఇక్కడ మీకొక అనుమానం రావచ్చు. బంగారం మీద అప్పులోనూ ధర తగ్గుతుంది గదా, అక్కడ ఇంత హడావుడి ఎందుకుండదు? బంగారం ధర సాధారణంగా అంత వేగంగా దిగదు. బ్యాంకు నగను వేలం వేసేముందు నోటీసు ఇస్తుంది, వ్యవధి ఇస్తుంది. షేర్ల ధర రోజంతా మారుతూనే వుంటుంది. లెక్క ప్రతిరోజూ కడతారు. అందుకని అక్కడ నెలల్లో జరిగేది ఇక్కడ రోజుల్లో, ఒక్కోసారి గంటల్లో జరిగిపోతుంది.

ఇంకో సంగతి. ధర తగ్గకపోయినా మార్జిన్ కాల్ రావచ్చు. బజారు ఎక్కువగా ఊగుతున్నప్పుడు ఆ షేరుకు వుండవలసిన మార్జిన్ శాతాన్నే పెంచుతారు. మా వీధి ఆవిడ షేరు 500 దగ్గరే కదలకుండా వుండి, పాతిక శాతం కాస్తా ముప్ఫై అయిదు శాతం అయిందనుకోండి. 2,00,000 మీద 70,000 వుండాలి. వున్నవి 50,000. ఇరవై వేలకు పిలుపు వచ్చేస్తుంది. "షేరు తగ్గలేదు గదా" అని వాదించి లాభం లేదు.

అన్నిటికంటే చేదు సంగతి ఒకటుంది. నష్టం మనం పెట్టిన డబ్బుతో ఆగాలన్న నియమం లేదు. ఈ లెక్కలో షేరు 375కి వస్తే విలువ సరిగ్గా 1,50,000. ఆవిడ వంతు సున్న. చెడ్డ వార్త ఏదైనా వచ్చి, కొనేవాళ్ళు లేక, బ్రోకరు అమ్మగలిగేసరికి ధర 360 అయితే వచ్చేది 1,44,000. చీటీ డబ్బు 50,000 పోవడమే కాక, ఇంకో 6,000, ఆపైన వడ్డీ బాకీ పడుతుంది. ఆ బాకీ ఎవరిది? ఖాతా ఎవరి పేరున వుంటే వారిదే. ఫోను నొక్కింది ఆయన కావచ్చు, కాగితం మీద అప్పు తీసుకుంది ఆవిడ.

అయితే మార్జిన్ జోలికి అసలు పోకూడదా అంటే, నేను అంత మాట అనను. తెలిసి చేసేవాళ్ళు ఒక పని చేస్తారు. నాలుగు వంతులు కొనుక్కోవచ్చని బ్రోకరు అన్నంత మాత్రాన నాలుగూ కొనరు. అదే 50,000తో రెండు లక్షలకు బదులు ఒక లక్ష రూపాయల షేర్లు, అంటే 200 షేర్లు కొన్నారనుకుందాం. అప్పు 50,000. వుండవలసిన మార్జిన్ 25,000, వున్నది 50,000. గీతకు చాలా ఎత్తున నిలబడ్డాం. ఇప్పుడు మార్జిన్ కాల్ రావాలంటే షేరు 500 నుంచి దాదాపు 333కి దిగాలి, మూడింట ఒక వంతు పడాలి. 460కి కాదు, 430కి కాదు. శాతం కొంచెం పెంచినా తట్టుకుంటాం. వడ్డీ మాత్రం పడుతూనే వుంటుంది. రోజుకు దాదాపు ఇరవైన్నర రూపాయల చొప్పున ఏడాదికి ఏడున్నర వేలు. షేరు కదలకుండా ఏడాది కూర్చుంటే ఆ ఏడున్నర వేలూ మన సొంత డబ్బులోంచే పోతాయి. అందుకే ఇది ఏళ్ళ తరబడి దాచుకునే డబ్బుకు తగిన పద్ధతి కానే కాదు.

ఇంకొందరు నగదుకు బదులు తమ దగ్గరున్న పాత షేర్లనే మార్జిన్‌గా చూపిస్తారు. వీలున్న పనే. అయితే బ్రోకరు వాటికి పూర్తి విలువ కట్టడు, కొంత కోత వేసుకుంటాడు. పైగా బజారు పడిన రోజున కొత్త షేర్లూ పడతాయి, పూచీ పెట్టిన పాత షేర్లూ పడతాయి. గొడుగూ, నెత్తీ రెండూ ఒకే వానలో కరిగినట్టు. నగదు వంతుకు ఆ బెడద లేదు.

ఇక మీరు ఇంట్లో చూసుకోవలసినది చెప్పి ముగిస్తాను. మీ పేరున డీమాట్ ఖాతా వుంటే ఈ రాత్రే ఆ ఫోను తీయించి చూడండి. షేర్ల పక్కన MTF అన్న అక్షరాలుంటే అవి అప్పు మీద వున్న షేర్లు. తాకట్టులో ఎన్ని షేర్లున్నాయో, అప్పు ఎంతో, రోజుకు వడ్డీ ఎంతో ఆ ఖాతాలోనే తెలుస్తుంది. అప్పు ఎంతో తెలిశాక ఒక్క ప్రశ్న అడగండి: "షేరు ఏ ధరకు వస్తే మనకు పిలుపు వస్తుంది? అప్పుడు కట్టడానికి డబ్బు ఎక్కడుంది?" ఈ రెంటికీ అంకెల్లో జవాబు రాకపోతే, ఈవేళ ధర బాగున్నప్పుడే కొంత అమ్మి అప్పు తగ్గించుకోమనండి. పిలుపు వచ్చిన రోజున ఎవరి బుర్రా నిమ్మళంగా పనిచెయ్యదు. ఇక ఓటీపీ వచ్చినప్పుడు దేనికోసమో పైన రాసి వుంటుంది. ముందు ఆ వాక్యం చదవండి, తర్వాత అంకెలు చదవండి. తాకట్టు, మార్జిన్, ప్లెడ్జ్ అన్న మాట కనిపిస్తే పొయ్యి కట్టేసి హాల్లోకి వెళ్ళండి. పోపు మాడితే మళ్ళీ పెట్టుకోవచ్చు.

మా వీధి ఆవిడ ఇప్పుడు అదే పని చేస్తోంది. మొన్న మళ్ళీ ఆయన కేకేస్తే, "దేనికోసమో చెబితేనే చదువుతాను" అందట. మిగిలిన ఇరవై వేల చిల్లరతో అప్పులేకుండా కొద్ది షేర్లు కొన్నారు. ధర తగ్గినా తన ఫోను మోగడం లేదని, రాత్రి నిద్ర పడుతోందని నాతో చెప్పింది.